‘లలితస్కంధము’ పద్యం: ఏ మాట చెట్టుకి, ఏ మాట పుస్తకానికి?

గోదారి_గట్టు
అందరికీ నమస్కారం. దూరవిద్యలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. పగలంతా బ్యాంకులో పని, రాత్రిళ్ళు పద్యాలు. ఈసారి అసైన్‌మెంట్‌లో పోతన భాగవతం మొదట్లో వచ్చే ఈ పద్యం ఇచ్చారు:

లలితస్కంధము, కృష్ణమూలము, శుకాలాపాభిరామంబు, మం
జులతాశోభితమున్, సువర్ణసుమనస్సుజ్ఞేయమున్, సుందరో
జ్జ్వలవృత్తంబు, మహాఫలంబు, విమలవ్యాసాలవాలంబునై
వెలయున్ భాగవతాఖ్యకల్పతరు వుర్విన్ సద్ద్విజశ్రేయమై.

“పద్యమంతటా సాగిన రూపకాన్ని గుర్తించి, అందులో ప్రతి భాగమూ దేన్ని సూచిస్తుందో రాయండి” అని ప్రశ్న. భాగవతమే కల్పవృక్షం అన్నంతవరకు నాకు ఇబ్బంది లేదు. చిలక అంటే శుకమహర్షి, ఫలం అంటే మోక్షం, స్కంధాలు పన్నెండు స్కంధాలు అని రాశాను. మిగతావి ఇలా వేశాను: లతలు అంటే ఉపకథలు, పూలు అంటే పద్యాలు, వేరు అంటే భక్తి, చెట్టు గుండ్రదనం అంటే కాలచక్రం, పాదు అంటే పాఠకుడి హృదయం.

కాగితం తిరిగొచ్చింది. లతలు, వేరు, కాలచక్రం, పాదు, నాలుగింటి పక్కనా ఎర్రసిరాతో “ఊహ” అని ఒకే మాట. ఎందుకు ఊహో రాయలేదు. రూపకంలో ఊహించకుండా ఎలా తేల్చాలి? వారంలో మళ్ళీ పంపాలి.

రాగమాలిక
మా గురువుగారు రూపకం ఆరు అక్షరాల తాళం అని చెప్పారు. ఈ పద్యాన్ని రూపకంలో కట్టొచ్చా అంటే కట్టొచ్చు గానీ, మత్తేభానికి తాళం బిగించడం కన్నా రాగాలాపనలా పాడుకోవడమే బాగుంటుంది. మోహనలో ప్రయత్నించండి.

గోదారి_గట్టు
అయ్యో, తాళం రూపకం కాదండీ, అలంకారం రూపకం. కానీ మోహన సంగతి గుర్తుపెట్టుకుంటాను.

భావగర్భం
చాలా సులువు. ఇది సంస్కృత భాగవతంలోని “నిగమకల్పతరోర్గళితం ఫలం శుకముఖాదమృతద్రవసంయుతమ్” శ్లోకానికి తెలుగు. వేదమనే కల్పవృక్షం నుంచి రాలిన పండు భాగవతం, శుకుడి నోరు తగిలి అమృతం నిండింది అని దాని అర్థం. కాబట్టి మీరు మొదటి మెట్టులోనే తప్పారు. చెట్టు వేదం, ఫలం భాగవతం. అది సరిచేసుకుంటే మిగతావన్నీ వాటంతట అవే కుదురుకుంటాయి. పన్నెండు స్కంధాలు ద్వాదశాదిత్యులు, వేరు మూలప్రకృతి, లతలు నాడులు. ప్రతి మాట వెనకా తత్త్వం ఉంది, లోతుకి దిగాలి.

గోదారి_గట్టు
భావగర్భం గారూ, నాకిప్పుడు ఇంకా అయోమయం. పద్యంలో “భాగవతాఖ్యకల్పతరువు” అని స్పష్టంగా ఉంది కదా, భాగవతం అనే పేరు గల కల్పతరువు అని. అది పండు ఎలా అవుతుంది?

పాతబీరువా
మీ పట్టు వదలకండి. పద్యంలో ఉన్న మాట మీదే నిలబడ్డారు, అదే సరైన చోటు.

భావగర్భం గారు చెప్పిన శ్లోకం నిజం, దాని అర్థం కూడా సరిగ్గానే చెప్పారు. దానికి పోతన చేసిన తెలుగు వేరే ఉంది, ఆటవెలదిలో:

వేదకల్పవృక్ష విగళితమై శుక
ముఖ సుధాద్రవమున మొనసి యున్న
భాగవతపురాణ ఫలరసాస్వాదన
పదవిఁ గనుఁడు రసికభావవిదులు.

ఇందులో చెట్టు వేదం, భాగవతం పండు. మీకిచ్చిన పద్యంలో భాగవతమే చెట్టు. ఒకే కవి, ఒకే గ్రంథం, రెండు పోలికలు. చెట్టూ చిలకా పండూ రెండింటిలో ఉన్నాయి గానీ వాటి పాత్రలు మారిపోయాయి. ఆటవెలదిలో చిలక పండుకి నోరు తగిలిస్తుంది. మీ పద్యంలో చిలక పండుని ముట్టుకోదు, మాట్లాడుతుంది అంతే. ఆలాపం అంటే పలుకు. ఒక పద్యం తాళంచెవి తెచ్చి ఇంకో పద్యానికి పెడితే తిరగదు.

ఇక ఎర్రసిరా సంగతి. మీ గురువు ఒక్క మాటే రాసినా సరిగ్గా రాశారు. రూపకాలన్నీ ఒక తీరువి కావు. “సంసారసాగరం” అన్నప్పుడు సంసారం, సాగరం రెండూ కవే చెప్పేశాడు. తరవాత మొసళ్ళు అన్నాడనుకోండి, అవి కామక్రోధాలా అప్పులవాళ్ళా అని మీరు ఊహించుకోవచ్చు, సందర్భం చూసి తేల్చుకోవచ్చు. ఈ పద్యం అలా కాదు. ఇది శ్లేష మీద నడిచిన రూపకం. చెట్టు వైపు అర్థమూ పుస్తకం వైపు అర్థమూ ఒకే మాటలో ఉంటాయి. మీరు “దేనికి సంకేతం” అని బయట వెతికారు. బయట వెతకనక్కర్లేదు, ఆ మాటకే రెండో అర్థం ఏమిటో చూడాలి. అది దొరక్కపోతే ఎంత అందమైన భావమైనా మీ సొంతం, పోతనది కాదు.

లతలు ఉపకథలు అన్నారు. లత అన్న మాటకి కథ అని ఏ నిఘంటువులోనైనా అర్థం ఉందా? లేదు. అందుకే ఊహ.

గోదారి_గట్టు
మాస్టారూ, ఇప్పుడు కాస్త వెలుగు కనిపిస్తోంది. మరి మంజులతలో రెండో అర్థం ఏమిటి? అందమైన తీగలు అని తప్ప నాకేం దొరకడం లేదు.

పాతబీరువా
మాటని వేరే చోట విరవండి.

గోదారి_గట్టు
మంజు + లత... మం + జులత... లేదండీ.

కాలేజీ_కబుర్లు
మాస్టారు ఊరిస్తున్నారు గానీ నేను చెప్పేస్తా, క్షమించాలి. మంజుల అంటే మనోహరమైన. దానికి “త” చేరిస్తే మంజులత, అంటే మనోహరత్వం. మధురకి మధురత లాగ. చెట్టు వైపు “మంజు-లతా-శోభితం”, అందమైన తీగలతో ప్రకాశించేది. పుస్తకం వైపు “మంజులతా-శోభితం”, సొగసుతో ప్రకాశించేది. తీగలు మాయమైపోయాయి చూడండి! పుస్తకం వైపు అసలు తీగే లేదు. లేని తీగకి మీరు ఉపకథలని పేరు పెట్టారు.

నాకు ఇష్టమైన సంగతి ఇంకోటుంది. మొదటి పాదం “మం” దగ్గర ఆగి, రెండో పాదం “జులతా” అని మొదలవుతుంది. మాటని ఎక్కడ విరవాలో పాదం విరుపు చెప్పదు, రెండు విరుపుల్లో దేనికీ మొగ్గదు. కావాలని చేశాడా, ఛందస్సు అలా తోసిందా అంటే నేను చెప్పలేను. కానీ చదివేవాడికి మాత్రం రెండు దారులూ తెరిచే ఉంటాయి.

నూజివీడు_రసం
మాది మామిడి తోట. పద్యాలు పెద్దగా రావు, ఈ చర్చ ఎవరో పంపిస్తే చదువుతున్నా. పాదు పాఠకుడి హృదయం అని రాశారే, పాదు గురించి మాత్రం నేను చెప్పగలను. పద్యంలో పాదు ఎక్కడుంది?

గోదారి_గట్టు
“విమలవ్యాసాలవాలంబు” అని ఉందండీ. ఆలవాలం అంటే చెట్టు చుట్టూ నీళ్ళు నిలవడానికి తవ్వే పాదు. వ్యాసం అంటే వ్యాసమహర్షి అనుకున్నాను, మళ్ళీ హృదయం ఎందుకు రాశానో నాకే తెలీదు. చెట్టు వైపు “వ్యాస” ఏమిటో అర్థం కాక వదిలేశాను. లెక్కల్లో వృత్తానికి వ్యాసం అంటాం, అదేనా?

పాతబీరువా
అదే. వ్యాసం అంటే వెడల్పు. విమలమైన, విశాలమైన పాదు గలది చెట్టు. విమలుడైన వ్యాసుణ్ణి పాదుగా చేసుకున్నది పుస్తకం. పాఠకుడికి అక్కడ చోటు లేదు, వ్యాసుడు ఆ చోటు తీసేసుకున్నాడు.

నూజివీడు_రసం
వెడల్పా! అయితే ఆ కవికి తోటపని తెలుసు. లేత మొక్కకి పాదు చిన్నదే చేస్తాం. చెట్టు పెరిగేకొద్దీ పాదుని వెడల్పు చేసుకుంటూ పోవాలి, మిట్టమధ్యాహ్నం కొమ్మల నీడ ఎంతవరకు పడుతుందో అంతవరకు. నీళ్ళు తాగే పిల్లవేళ్ళు మొదట్లో ఉండవు, ఆ అంచున ఉంటాయి. తెలియనివాళ్ళు కాండం మొదట్లోనే గుంట చేసి నీళ్ళు నింపుతారు. నీళ్ళక్కడ నిలబడితే బెరడు మెత్తబడి కుళ్ళుతుంది. అందుకే మేం మొదలు దగ్గర మట్టి ఎగదోసి కాస్త ఎత్తు చేసి, పాదుని దూరంగా తవ్వుతాం. పాదులో గడ్డి ఉంటే నీళ్ళూ ఎరువూ అదే తాగేస్తుంది. విమలం అంటే శుభ్రం అయితే అది కూడా సరిపోయింది.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. కృష్ణమూలం అంటే నల్ల వేరేగా? బతికున్న పిల్లవేరు తెల్లగానో లేత రంగులోనో ఉంటుంది. తవ్వితే నల్లగా మెత్తగా వచ్చిందంటే మాకు గుండె గుభేలుమంటుంది. ఆ చెట్టు పోయేదే.

కాలేజీ_కబుర్లు
నూజివీడు గారూ, మా సెమినార్‌లో ఎవరూ ఇంత పనికొచ్చే మాట చెప్పలేదు. ఇరవైమంది కూర్చుని వ్యాసాలవాలం మీద మాట్లాడాం, ఒక్కరికీ పాదు తవ్విన అనుభవం లేదు.

మీ నల్లవేరు అభ్యంతరం నిజమైనదే. శ్లేషలో రెండు వైపులూ ప్రతిసారీ సమంగా బరువు మోయవు. “శుకాలాపాభిరామం” చూడండి, చెట్టు మీద చిలకల పలుకులు, పుస్తకంలో శుకుడి పలుకులు, రెండూ హాయిగా ఉన్నాయి. “కృష్ణమూలం” దగ్గరికి వచ్చేసరికి పుస్తకం వైపు బలంగా ఉంది, కృష్ణుడే మూలమైనది. చెట్టు వైపు నల్లటి వేరు గలది అనడం వ్యాకరణానికి సరిపోతుందే తప్ప చూడ్డానికి గొప్పగా లేదు. కవి ముందు పుస్తకం వైపు మాట పట్టుకుని తరవాత చెట్టుకి తగిలించాడని నా అనుమానం. ఏ వైపు పలచగా ఉందో చూస్తే కవి ఏ వైపు నుంచి బయల్దేరాడో కొంత తెలుస్తుంది.

పాతబీరువా
నేను ఒప్పుకోను. పెద్ద చెట్టు వేరు నేల పైకి తేలినచోట ముదిరి నల్లగానే కనిపిస్తుంది. పాతుకుపోయిన చెట్టు అన్న భావం వస్తుంది. పైగా అది కల్పవృక్షం, నూజివీడు మామిడి కాదు.

నూజివీడు_రసం
పైకి తేలిన పెద్ద వేరు సంగతైతే మీరన్నది నిజమే మాస్టారూ. నేనన్నది తవ్వితే వచ్చే వేరు.

భావగర్భం
నేను ఆటవెలది సంగతి మరిచిపోయిన మాట నిజం, ఒప్పుకుంటున్నా. కానీ “సుమనస్సు” సంగతి మీరెవరూ ఎత్తలేదు. సుమనసులు అంటే దేవతలు. కల్పవృక్షం ఉండేది దేవలోకంలో. కాబట్టి చెట్టు వైపు “దేవతలకు బాగా తెలిసినది” అని చెప్పాలి. పూలు అని చెప్పడం చప్పగా ఉంది.

పాతబీరువా
ఈసారి మీ మాటలో పస ఉంది. అమరకోశంలో సుమనస్ దేవతలకీ ఉంది, పూలకీ ఉంది. మంచి మనసు గలవారు అన్నది మాట విడదీస్తేనే వస్తుంది. ఒక్క మాటకి మూడు.

అయినా నేను పూలనే తీసుకుంటాను, ఎందుకో చెబుతా. ముందున్న మాట “సువర్ణ”. చెట్టు వైపు మంచి రంగు గల పూలు, లేదా బంగారు పూలు, వాటిని బట్టి ఇట్టే గుర్తుపట్టదగినది చెట్టు. పుస్తకం వైపు వర్ణం అంటే అక్షరం. మంచి అక్షరాలు గలది, మంచి మనసు గలవారికి సులువుగా తెలిసేది. దేవతలు అంటే “సువర్ణ” ఎటు పోవాలి? బంగారు దేవతలా? ఒక మాటకి అర్థం ఎంచుకునేటప్పుడు పక్క మాట ఒంటరైపోకుండా చూసుకోవాలి. పైగా పూలు తీసేస్తే ఆ చెట్టుకి తీగలున్నాయి, పళ్ళున్నాయి, పూత మాత్రం లేదు. నూజివీడు వారు ఊరుకోరు.

చిలకకొట్టుడు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నా గోడు ఒకటి. మా నాన్నగారి రిటైర్‌మెంట్ సభలో చదవడానికి పద్యం లాంటిది రాశాను. నాన్న మర్రిచెట్టు, మేం ఊడలం, అమ్మ నీడ, మనవలు గూళ్ళలో పిట్టలు. చదివాక చప్పట్లు. తరవాత భోజనాల దగ్గర అన్నయ్య “ఊడలు నేలకి దిగి చెట్టుని మోస్తాయి కదరా, నువ్వెప్పుడు మోశావు?” అన్నాడు. అందరూ నవ్వారు, నాకు ముద్ద దిగలేదు. పోలిక మొదలెట్టాక మనం అనుకోనివి కూడా దాంట్లో వచ్చేస్తాయి. పోతనకి ఆ ఇబ్బంది రాలేదా?

కాలేజీ_కబుర్లు
మీ అన్నయ్య మంచి విమర్శకుడు! మీరు రాసింది శ్లేష లేని రూపకం. ఊడ అన్న మాటకి కొడుకు అని అర్థం లేదు, పోలిక మీద నిలబడాలి. పోలిక ఎంతవరకు సాగుతుందో ఎదుటివాడే నిర్ణయిస్తాడు. పోతన ఆ తలుపు మూసేశాడు. ఎండుటాకులు ఎవరు, చెదలు ఎవరు అని అడగడానికి వీల్లేదు, ఆ మాటలు పద్యంలో లేవు గనక.

కానీ పూర్తిగా తప్పించుకోలేదు. “స్కంధం” చూడండి. స్కంధం అంటే వేరు దగ్గర్నుంచి కొమ్మలు చీలేదాకా ఉన్న బోదె అని అమరకోశం. చెట్టుకి బోదె ఒకటే ఉంటుంది. పుస్తకానికి స్కంధాలు పన్నెండు. అందుకని చాలామంది ఇక్కడ కొమ్మ అని చెప్పేస్తారు, లెక్క కుదరడానికి.

గోదారి_గట్టు
నేను కొమ్మలనే రాశాను. మార్చాలా?

పాతబీరువా
“లలితస్కంధము” అన్నాడు, పన్నెండు అనలేదు. లెక్క మీరు తెచ్చిపెట్టుకున్నది. లలితమైన బోదె గలది చెట్టు, లలితమైన స్కంధాలు గలది పుస్తకం. సమాసంలో ఏకవచనమో బహువచనమో బయటికి కనపడదు, కవికి అదే సౌకర్యం. నేను బోదె అనే రాయమంటాను.

కాలేజీ_కబుర్లు
నేనైతే పెద్ద కొమ్మ అన్న అర్థం కూడా వాడుకలో ఉంది గనక రెండూ రాసి వదిలేయమంటాను. పైగా ఆ పన్నెండూ పోతన చేతివి కూడా కాదు. ఐదో స్కంధం గంగన, ఆరు సింగన, పదకొండు పన్నెండు నారయ పూర్తిచేశారు. తెలుగు చెట్టుకి అంట్లు కట్టారన్నమాట. ఇది అసైన్‌మెంట్‌లో రాయకండి, మళ్ళీ “ఊహ” పడుతుంది.

నూజివీడు_రసం
అంటు కడితే కాయ త్వరగా వస్తుంది లెండి.

గోదారి_గట్టు
“సుందరోజ్జ్వలవృత్తం” నాకు ఇప్పుడు తెలిసింది. చెట్టు గుండ్రంగా ఉంది, పుస్తకంలో వృత్తపద్యాలు ఉన్నాయి. కాలచక్రం నేను తెచ్చిపెట్టింది. ఈ మాట కూడా ఒక వృత్తంలోనే కూర్చుంది, మత్తేభంలో. అది చూసి రాత్రి పదకొండింటికి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఫలం మాటేమిటి? మోక్షం అని రాశాను, దాని పక్కన ఎర్రసిరా పడలేదు. కానీ మీ లెక్క ప్రకారం ఫలం అన్న మాటకి మోక్షం అని అర్థం లేదుగా? ప్రయోజనం అనే ఉంది. ఇది కూడా ఊహే అవ్వాలి.

పాతబీరువా
భలే పట్టారు. మాట వరకే చూస్తే చెట్టు వైపు పెద్ద పండు, పుస్తకం వైపు గొప్ప ప్రయోజనం. అంతే. మోక్షం అనాలంటే ఆధారం చూపించాలి. అది ఈ పద్యంలో లేదు, పుస్తకంలో ఉంది. గ్రంథం తెరవగానే మొదటి పద్యం “శ్రీకైవల్యపదంబుఁ జేరుటకునై చింతించెదన్” అని మొదలవుతుంది. ఎందుకోసం రాస్తున్నాడో కవే అక్కడ చెప్పుకున్నాడు. ఆ మాట ఉదాహరించి, “మహాఫలం అంటే గొప్ప ప్రయోజనం, ఈ కవి దృష్టిలో అది కైవల్యం” అని రెండు మెట్లుగా రాయండి. ఒకే మెట్టుగా దూకితే మీ అదృష్టం కొద్దీ సరైనచోట పడ్డారంతే.

చిలకకొట్టుడు
చివరి మాట “సద్ద్విజశ్రేయమై” సంగతి? ద్విజులు అంటే పక్షులూ బ్రాహ్మలూ, ఆమాత్రం నాకు తెలుసు. పళ్ళకి కూడా ద్విజం అంటారట, పాలపళ్ళు ఊడి మళ్ళీ వస్తాయిగా. అంటే నోట్లో పళ్ళకి మేలు చేసే చెట్టు, వేప!

కాలేజీ_కబుర్లు
అమరకోశంలో నిజంగానే ఆ మూడూ ఒక్కచోట ఉన్నాయి, దంతాలు, విప్రులు, గుడ్డులోంచి పుట్టేవి. పళ్ళని ఇక్కడ ఎందుకు తీసేయాలంటే రెండు వైపులా దేనికీ అతకవు. నిఘంటువులో ఉన్నంత మాత్రాన అర్థం పద్యంలోకి వచ్చేయదు.

నల్లబల్ల
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా. నేను బడిపిల్లలకి తెలుగు చెప్తాను. ఈ మాట దగ్గరికొస్తే ప్రతి ఏడూ ఒక పిల్లో పిల్లాడో అడుగుతారు, “అంటే ఈ పుస్తకం మాకు కాదా టీచర్?” అని. పక్షులు అని చెప్పి దాటేస్తూ వచ్చాను. దాటేయడం సరైనదేనా?

పాతబీరువా
అమ్మా, కష్టమైన ప్రశ్న. పుస్తకం వైపు ఆ మాటకి ఉన్న అర్థం యోగ్యులైన ద్విజులకు శ్రేయం కలిగించేది అనే. పదిహేనో శతాబ్దపు మాట, దాన్ని మనం చెరిపేయలేం. కొందరు జ్ఞానంతో రెండోసారి పుట్టినవారు అని విస్తరించి చెబుతారు. అది ఆ కవి అన్నాడని నేను ప్రమాణం చేయలేను. అయితే ఆ పుస్తకంలో మోక్షం పొందిన ఏనుగు ఉంది, గొల్లపడుచులు ఉన్నారు. ఈ మాటా ఆ కథలూ రెండూ ఆయనవే.

నల్లబల్ల
మీ జవాబు తరగతిలో చెప్తాను. పిల్లలు ఇంకేం అడుగుతారో చూడాలి. నాకైతే ఇది సర్దుకున్నట్టు అనిపించడం లేదు మాస్టారూ.

పాతబీరువా
నాకూ లేదమ్మా.

భావగర్భం
ఒక్క విషయం గమనించారా? పద్యం చిలకతో దాదాపు మొదలై పక్షులతో ముగుస్తుంది. పుస్తకం వైపు చెప్పేవాడితో మొదలై వినేవాళ్ళతో ముగుస్తుంది. మధ్యలో చూపు బోదె మీద పడి, వేరుకి దిగి, చిలకల చప్పుడుకి తల ఎత్తి, తీగలూ పూలూ పళ్ళూ చూసి, మళ్ళీ పాదులోకి దిగింది. చెట్టు దగ్గరికి నడిచి వచ్చినవాడి చూపు ఇది. ఇది తత్త్వం కాదు, ఒట్టు.

కాలేజీ_కబుర్లు
అందంగా ఉంది, నాకు నమ్మాలనే ఉంది. కానీ ఆ వరస ఛందస్సు పెట్టింది కాదని ఎలా చెబుతారు? మొదటి పాదం “ల”తో మొదలైంది గనక పద్నాలుగో అక్షరం “శుకాలాపా”లోని “లా” కావాలి. మూడో పాదం “జ్జ్వ”తో మొదలైంది గనక అక్కడ “వ్యా” పడింది, వ్యాసుడు యతిస్థానంలో కూర్చున్నాడు. ప్రాస కోసం నాలుగు పాదాల్లో రెండో అక్షరం “ల” ఉండాలి. ఇన్ని కట్లలో మాటలు ఎక్కడ కుదిరితే అక్కడ కూర్చుంటాయి. చూపు నడక మనం తరవాత చూసుకున్నదేమో.

భావగర్భం
కట్లున్నా మంచి కవి తనకి కావలసిన చోటే కూర్చోబెడతాడు.

కాలేజీ_కబుర్లు
అదీ నిరూపించలేం, ఇదీ నిరూపించలేం.

గోదారి_గట్టు
మళ్ళీ రాసి పంపేశాను. ప్రతి మాట కిందా రెండు వాక్యాలు, ఒకటి చెట్టుకి, ఒకటి పుస్తకానికి. స్కంధం దగ్గర బోదె అని రాసి, కొమ్మ అనేవాళ్ళూ ఉన్నారని చేర్చాను. కృష్ణమూలం దగ్గర చెట్టు వైపు అర్థం పలచగా ఉందని ధైర్యం చేసి రాశాను. పాదు దగ్గర నీడ అంచు దాకా తవ్వాలన్న మాట రాశాను, తోట రైతు చెప్పారని పెట్టాను. పేరు అడగలేదు కదా, ఏమనుకోకండి.

రాస్తుంటే చివర్లో ఒకటి తట్టింది. “వెలయున్”, “ఉర్విన్” అన్న మాటలకి రెండో అర్థం ఎంత వెతికినా దొరకలేదు. చెట్టుకీ పుస్తకానికీ ఒకటే అర్థం. కల్పవృక్షం ఉండేది స్వర్గంలో, ఈయనేమో నేల మీద వెలుస్తోంది అంటున్నాడు. మిగతా అన్నిచోట్లా రెండు మాటలు మాట్లాడి ఇక్కడ మాత్రం ఒకటే అన్నాడు. దీన్ని రూపకంలో భాగంగా రాయాలా, బయట పెట్టాలా అని అరగంట ఆలోచించి బయటే పెట్టాను.

పాతబీరువా
నేనైతే లోపలే పెట్టేవాణ్ణి. ఎర్రసిరా ఏమంటుందో వచ్చి చెప్పండి.

నూజివీడు_రసం
చిలక నోరు తగిలితే పండులో అమృతం అని పైన ఎవరో రాశారు. మా దగ్గర చిలక కొట్టిన కాయ మార్కెట్‌లో ఎవరూ కొనరు, ఇంట్లో పిల్లలు మాత్రం దానికోసమే కొట్టుకుంటారు. ఆ ఆటవెలది ఇంకోసారి పెట్టండి, రాసుకుంటాను.